టెస్టిమోనియల్ మనమే రాసి క్లయింట్‌కు పంపడం సబబేనా?

అడిగినవారు: కొత్త ఫ్రీలాన్సర్
ఒక క్లినిక్‌కు వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ ఫారం చేసిచ్చాను. వాళ్లకు బాగా నచ్చింది. టెస్టిమోనియల్ అడిగితే "తప్పకుండా రాస్తాం" అన్నారు, మూడు వారాలైనా రాలేదు. నేనే నాలుగు వాక్యాలు రాసి "మార్చుకోండి" అని పంపొచ్చా? అది మోసం కింద వస్తుందా?

నిక్కచ్చి
వస్తుందండీ. మనల్ని మనమే పొగుడుకుని కింద వేరేవాళ్ల పేరు పెట్టడమే కదా. చదివేవాళ్లు పసిగడతారు. "అద్భుతమైన సేవ, నూటికి నూరుపాళ్లు సిఫార్సు చేస్తాను" లాంటివి ఏ సైట్‌లో చూసినా ఒకేలా ఉంటాయి. డ్రాఫ్ట్ వద్దు, రెండు ప్రశ్నలు పంపండి, చాలు.

పాత కాపు
నిక్కచ్చి గారు చెప్పిన జబ్బు నిజమే, దానికి కారణం మాత్రం డ్రాఫ్ట్ కాదు. డ్రాఫ్ట్‌లో మాటలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు సంగతి. ఆ క్లినిక్ వాళ్లు పని నచ్చిందని మీకు ఏ మాటల్లో చెప్పారు? మెసేజ్ ఉంటే ఇక్కడ పెట్టండి.

కొత్త ఫ్రీలాన్సర్
ఉందండీ. "ఫోన్లు బాగా తగ్గాయి, జనం ఫారంలోనే టైం తీసుకుంటున్నారు. పెద్దవాళ్లకు కష్టమవుతుందేమో అనుకున్నాం, వాళ్లూ బానే వాడుతున్నారు."

పాత కాపు
మీ టెస్టిమోనియల్‌లో ముప్పాతిక వంతు ఇందులోనే ఉంది. ముందున్న ఇబ్బంది, మధ్యలో వచ్చిన అనుమానం, తర్వాత వచ్చిన మార్పు. ఆ అనుమానాన్ని అసలు వదలొద్దు. కొత్తగా వచ్చే క్లయింట్‌కూ అదే భయం ఉంటుంది కాబట్టి, పొగడ్త కన్నా ఆ వాక్యమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. నేనైతే ఇలా పంపుతాను:

"మీరు మొన్న రాసిన మాటలనే కలిపి కింద చిన్నగా పెట్టాను. తప్పు అనిపించింది తీసేయండి, మీ మాటల్లో మార్చండి. ఖాళీలు మీరే నింపాలి. వద్దనుకుంటే అదీ చెప్పండి, ఇబ్బందేమీ లేదు.

*అపాయింట్‌మెంట్ల కోసం మాకు చాలా ఫోన్లు వచ్చేవి. పెద్దవాళ్లకు ఆన్‌లైన్ ఫారం కష్టమేమో అని సందేహించాం, కానీ వాళ్లూ బానే వాడుతున్నారు. ఫోన్లు బాగా తగ్గాయి. ఇప్పుడు రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు \_\_\_\_.*

నా సైట్‌లో ఒక్కచోటే పెడతాను. మీ పేరు, హోదా, క్లినిక్ పేరు ఎలా వేయమంటారు?"

ఆ ఖాళీ కావాలనే వదిలాను. రిసెప్షన్‌లో ఏం మారిందో మీకు తెలియదు, వాళ్లకు తెలుసు. అది నింపాలంటే మొత్తం చదవక తప్పదు. "ఫోన్లు సగానికి తగ్గాయి" లాంటి లెక్క వాళ్లు చెప్పకుండా మీరు చేర్చారంటే, నిక్కచ్చి గారన్న మోసం అక్కడ మొదలైనట్టే.

రెండో షిఫ్ట్
నేను ఇలాగే ఒకటి రాసి గూగుల్ రివ్యూలో పెట్టమని క్లయింట్‌ను అడిగాను, తర్వాతి పనిలో తగ్గింపు కూడా ఇస్తానన్నాను. ఆయనకు అది నచ్చినట్టు లేదు, తర్వాత మాటలు తగ్గాయి.

పాత కాపు
అది వేరే సంగతండీ. గూగుల్ రివ్యూకు బదులుగా తగ్గింపు ఇవ్వడం వాళ్ల నియమాలకే విరుద్ధం. అక్కడ వాళ్ల ఖాతా నుంచి వాళ్లు సొంతంగా రాయాలి, మనం లింక్ ఇచ్చి ఊరుకోవాలి. డ్రాఫ్ట్ పద్ధతి మన సైట్‌లోనో ప్రపోజల్‌లోనో పెట్టుకునే వాటికే. అక్కడ కూడా తగ్గింపు మాట ఎత్తొద్దు. ఎత్తితే ఆ మంచిమాట మీరు కొనుక్కున్నట్టే.

ఆఫీసు గోల
నాది ఇంకో రకం. మా క్లయింట్ పెద్ద సంస్థ. మేనేజర్‌కు ఇష్టమే, కానీ సంస్థ పేరు వాడాలంటే లీగల్ వాళ్లు ఒప్పుకోవాలి. నాలుగు వాక్యాల డ్రాఫ్ట్ ఉండబట్టే ఆయన దాన్ని నేరుగా వాళ్లకు పంపగలిగారు. చివరికి సంస్థ పేరు తీసేసి హోదా మాత్రం వేయమన్నారు. పేరు లేకపోతే బలం తగ్గుతుంది, అయినా ఒప్పుకున్నాను.

నిక్కచ్చి
ఖాళీ వదలడం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ చాలామంది క్లయింట్లు మొహమాటానికి చదవకుండానే "ఓకే" అంటారు. అప్పుడు?

పాత కాపు
పంపిన నిమిషానికే, ఖాళీ అలాగే ఉండగా "ఓకే" వస్తే చదవలేదని అర్థం. నేను దాన్ని వాడను. "చివరి వాక్యం మీ మాటల్లో చెప్పండి, ఫోన్‌లో చెప్పినా సరే, రాసుకుని మళ్లీ మీకే చూపిస్తాను" అంటాను. అసలు జవాబే రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తు చేస్తాను, ఆ తర్వాత వదిలేస్తాను.

నిక్కచ్చి
మరి చదివి, ఖాళీ నింపి, మిగతాది ఒక్క అక్షరం కూడా మార్చకపోతే? నాకైతే అది ఇంకా మీ రాతే అనిపిస్తుంది.

పాత కాపు
మాటలు వాళ్ల మెసేజ్‌లోవే అయితే నాకు అభ్యంతరం లేదు. మీకు ఉండొచ్చు.

కొత్త ఫ్రీలాన్సర్
పంపాను. ఖాళీలో "పేషెంట్లతో మాట్లాడే తీరిక దొరికింది" అని రాశారు. "బానే వాడుతున్నారు" తీసేసి "కొందరికి మేమే నింపి ఇస్తున్నాం" అని మార్చారు. అది కూడా అలాగే పెడుతున్నాను.