తమ్ముడు ‘అగ్రీ విత్’ అన్నడు, ‘అగ్రీ టు’ అనలేదంట!

మిర్యాలగూడ అక్క:
అందరికి నమస్కారం. మా నాయన చెలక అమ్ముదామని నేను, చెల్లె అనుకున్నం. తమ్ముడు అమెరికాల ఉంటడు, వాడినీ అడగాలె గదా అని మెసేజ్ పెట్టిన. “ఐ అగ్రీ విత్ సెల్లింగ్ ద ల్యాండ్” అని జవాబిచ్చిండు. ఒప్పుకున్నడనుకొని కొనేటాయన దగ్గర బయానా తీసుకున్నం. ఇప్పుడేమో “అమ్మితె మంచిదే అన్న గని, అమ్ముతనన్ననా? అగ్రీ టు అని ఎక్కడన్న రాసిన్నా?” అని ఎదురు అడుగుతుండు. ‘విత్’ పెడితె ఒకటి, ‘టు’ పెడితె ఒకటి అయితదా? లేకపోతె వాడు తప్పించుకుంటుండా? పంచాయితీ మేం చూసుకుంటం, భాష సంగతి చెప్పుండ్రి.

కోదాడ ట్యూషన్ సార్:
ఇది ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు అక్కా. మనిషి వస్తె ‘విత్’, వస్తువు గానీ విషయం గానీ వస్తె ‘టు’. అగ్రీ విత్ హిమ్, అగ్రీ టు ద ప్రపోజల్. భూమి అమ్ముడు విషయం కాబట్టి అక్కడ ‘విత్’ పెట్టుడే తప్పు. మీ తమ్ముడి ఇంగ్లీషే తప్పైనప్పుడు ఇంక అర్థం ఎక్కడిది?

నల్లగొండ డిగ్రీ కాలేజీ మేడమ్:
సార్, ఆ సూత్రం పరీక్షలో ఖాళీ నింపడానికి సగం పనికొస్తుంది. ‘టు’ తర్వాత మనిషి రాడనేది నిజం. కానీ ‘విత్’ తర్వాత విషయం రాకూడదనేది నిజం కాదు. “ఐ డోంట్ అగ్రీ విత్ బీటింగ్ చిల్డ్రన్” అనేది పక్కా ఇంగ్లీషు. అక్కడ ఆ మనిషిని ఎవరూ అనుమతి అడగలేదు. పిల్లల్ని కొట్టడం సరైంది కాదని తన అభిప్రాయం చెప్తున్నాడు, అంతే.

తేడా ప్రిపొజిషన్ వెనక వచ్చే మాటలో లేదు, మాట్లాడేవాడు ఏం చేస్తున్నాడనే దానిలో ఉంది. ‘విత్’ అంటే నీ ఆలోచన, నా ఆలోచన ఒక్కటే అని. ‘టు’ అంటే నువ్వు అడిగినదానికి సరే అంటున్నా, నా వంతు నేను చేస్తా అని. అందుకే ‘టు’ రావాలంటే ముందు ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగి ఉండాలి, సరే అనే అధికారం ఈయనకు ఉండాలి.

రెండింటినీ ఒక్క వాక్యంలో పెట్టి చూడండి. ఆఫీసులో గుమాస్తా “ఐ అగ్రీ విత్ ద ప్లాన్, బట్ ఐ కాంట్ అగ్రీ టు ఇట్” అనొచ్చు. ఆలోచన బాగుంది, మంజూరు చేయడం మాత్రం నా చేతిలో లేదని. ఇష్టం లేకున్నా ఇంటి పోరుకు తలొగ్గిన తండ్రి దాన్ని తిప్పి చెప్తాడు: “ఐ డోంట్ అగ్రీ విత్ ఇట్, బట్ ఐ హావ్ అగ్రీడ్ టు ఇట్.” రెండు ప్రిపొజిషన్లకూ ఒకటే అర్థం ఉంటే ఈ వాక్యాలు నిలబడవు.

మిర్యాలగూడ అక్క:
అంటే మా తమ్ముడు చెప్పిందే కరెక్టా మేడమ్?

నల్లగొండ డిగ్రీ కాలేజీ మేడమ్:
మాట వరకు కరెక్టే అక్కా. తాను అమ్ముతానని మాటిచ్చేవాడు “ఐ అగ్రీ టు సెల్” అంటాడు, లేదా “ఐ అగ్రీ టు ద సేల్” అంటాడు. కానీ మీరు ఏమని అడిగారన్నది కూడా చూడాలి. “నీకు సమ్మతమేనా?” అని అడిగితే, ‘విత్’తో రాసినా చదివేవాళ్లు సమ్మతమనే తీసుకుంటారు. మీ మెసేజ్‌లో ఏముంది?

మిర్యాలగూడ అక్క:
“అమ్మితె ఎట్లుంటది, ఏమంటవ్?” అని రాసిన.

నల్లగొండ డిగ్రీ కాలేజీ మేడమ్:
మీరు అభిప్రాయం అడిగారు, ఆయన అభిప్రాయం చెప్పాడు. ఇంకో మాట. ధర గురించి ఆ వాక్యంలో ఏమీ లేదు. ధర దగ్గర వచ్చేది ‘ఆన్’. “వి అగ్రీడ్ ఆన్ ద ప్రైస్” అంటే ఇద్దరూ కూర్చొని ఒక అంకెకు వచ్చారని. ‘టు’లో ఒకరు అడిగితే ఇంకొకరు సరే అంటారు. ‘ఆన్’లో అట్లా కాదు, ఇద్దరూ కలిసే తేల్చుకుంటారు. బ్రిటిష్ పత్రికల్లో ఆ ‘ఆన్’ కూడా ఎగిరిపోయి ‘అగ్రీ ఎ ప్రైస్’ అని కనిపిస్తుంది. మన పిల్లలు పరీక్షలో అట్లా రాస్తే మాత్రం మార్కు పోతుంది.

అచ్చంపేట తమ్ముడు:
నాకూ ఈ ‘విత్’తోనే పరువు పోయింది. హైదరాబాద్‌ల ఒక డాక్టరమ్మ “డజ్ మిల్క్ అగ్రీ విత్ యు?” అనడిగింది. పాలు నాతోని ఏం ఒప్పుకుంటయ్ అనుకొని “ఎస్ మేడమ్, ఐ అగ్రీ విత్ మిల్క్” అన్న. పక్కన నర్సు ఒకటే నవ్వుడు. పాలు తాగితె నాకు కడుపుబ్బరం, అది చెప్పనే లేదు. రాసిచ్చిన చీటీల రోజూ రాత్రి పాలు తాగమని ఉంది.

నాగర్‌కర్నూల్ తెలుగు పంతులు (రిటైర్డు):
తమ్మీ, నువ్వు “నాకు పాలు పడవు” అని తెలుగుల చెప్తె అయిపోయేది. ఆమె అడిగింది అచ్చం ఆ మాటే. చూడు, మన వాక్యంల కర్త పాలే, అందుకే ‘పడవు’ అని బహువచనం వచ్చింది. మనిషి ‘కు’ పెట్టుకొని పక్కకు నిలబడ్డడు. ఇంగ్లీషుల కూడా కర్త పాలే, మనిషి ‘విత్’ వెనక ఉన్నడు. నువ్వు కర్తను తిప్పినవ్, అక్కడ చెడింది.

ఇంక అసలు సంగతి. అందరు ఇంగ్లీషు గురించే మాట్లాడుతుండ్రు గని, ‘ఒప్పుకొను’ మన దగ్గర తక్కువ తిప్పలు పెడ్తదా? “దొంగతనం ఒప్పుకున్నడు” అంటె చేసిన తప్పు బయటపెట్టిండు. “దొంగతనానికి ఒప్పుకున్నడు” అంటె ఇంక చెయ్యలేదు, చేస్తనన్నడు. ఒక్క ‘కి’తోని మనిషి పోలీస్ స్టేషన్ల నుంచి దొంగల గుంపులకు పోతడు.

పనితోని కూడా అంతే. “మేస్త్రి పని ఒప్పుకున్నడు” అంటె గుత్తకు పట్టుకున్నడు, కూలోళ్లను తెచ్చుకునుడు, పూర్తిజేసుడు అంతా అతని మీదనే. “పనికి ఒప్పుకున్నడు” అంటె కూలికి వస్తనన్నడు, పొద్దుగూకితె ఇంటికి పోతడు. క్రియ అదే, పని అదే. ద్వితీయకు ఒక అర్థం, షష్ఠికి ఒక అర్థం. ద్వితీయ ‘ను’ కనబడకుంట పోతది కాబట్టి మనకు తేడా తెల్వది.

కోదాడ ట్యూషన్ సార్:
పంతులు గారూ, మరి ఇంగ్లీషుల కూడా ‘ఒప్పుకొను’ అంటే అన్నిచోట్ల ‘అగ్రీ’యే కదా?

నాగర్‌కర్నూల్ తెలుగు పంతులు (రిటైర్డు):
కాదు సార్. తప్పు ఒప్పుకునుడు ‘అడ్మిట్’, పని ఒప్పుకునుడు ‘టేక్ ఆన్’. ‘కి’ వచ్చినకాడనే ‘అగ్రీ టు’ సరిగ్గ కూసుంటది. ‘అగ్రీ ఆన్’కు మనం ‘ఒప్పుకొను’ తక్కువనే వాడుతం. బేరం కుదిరింది అంటం, బేరమే కర్త అయితది.

మహబూబ్‌నగర్ వదిన:
పంతులు గారు, మా దిక్కు ‘పెండ్లి ఒప్పుకున్నరు’ అంటరు, ‘పెండ్లికి ఒప్పుకున్నరు’ అని గూడ అంటరు. మాకైతె రెండు ఒక్కటే. అక్కడ తేడా ఏది?

నాగర్‌కర్నూల్ తెలుగు పంతులు (రిటైర్డు):
నా చెవికి ‘పెండ్లి ఒప్పుకున్నరు’ అంటె రెండు దిక్కుల పెద్దలు మాట ఖాయం చేసుకున్నట్టు, ‘పెండ్లికి ఒప్పుకున్నరు’ అంటె అడిగితె సరే అన్నట్టు వినబడ్తది. మీ దిక్కు అట్ల లేకుంటె లేదనే అనుకోవాలె.

మహబూబ్‌నగర్ వదిన:
మా అత్తమ్మనడిగిన. “ఎట్లన్నా పెండ్లయితది గదా” అంటుంది.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడికి మళ్ల మెసేజ్ పెట్టిన. ఈసారి తెలుగులనే రాసిన: “అమ్మకానికి ఒప్పుకుంటున్నవా, లేదా?” రెండు నీలం టిక్కులు పడ్డయ్. జవాబు ఇంక రాలె.