గాజుల సైజు అడుగుతున్నారు, చేతిని ఎలా కొలవాలి?

పలమనేరు అమ్మాయి (మ్యూనిక్):
అందరికీ నమస్తే. కొత్తగా వచ్చాను. వరలక్ష్మీ వ్రతానికి మా అత్త తిరుపతిలో మట్టి గాజులు కొని, ఇటు వస్తున్న వాళ్ళతో పంపిస్తానంది. ‘నీ సైజు ఎంతమ్మా’ అని అడిగితే నోరు పెగల్లేదు. ఊళ్ళో ఎప్పుడూ గాజులాయనే నా చెయ్యి చూసి తీసి తొడిగేవాడు. సైజు నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు. అమ్మ 2-6 అంటోంది కానీ అది నా పెళ్ళప్పటి మాట. ఇంట్లో సెంటీమీటర్ల టేపు ఒకటి ఉంది. మణికట్టు చుట్టూ కొలిస్తే 15 వచ్చింది. దీన్ని బట్టి ఏ సైజు చెప్పాలి?

శ్రీకాళహస్తి అన్న (డాలస్):
చాలా ఈజీ అమ్మా. 2.6 అంటే లోపలి అడ్డం 2.6 అంగుళాలు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి 66 మిల్లీమీటర్లు. స్కేలు తీసుకుని ఏదైనా పాత గాజు మీద పెట్టి చూడు, అయిపోతుంది.

గాంధీరోడ్డు అక్క (లండన్):
అన్నా, గాజు లోపలి అడ్డం కొలవాలన్నది కరెక్టే. లెక్క మాత్రం తప్పింది. మధ్యలో ఉన్నది దశాంశ చుక్క కాదు. మా పుట్టింటిది తిరుపతిలో గాజుల అంగడి, నేను గల్లాపెట్టె పక్కన కూర్చునే లెక్కలు నేర్చుకున్నాను. ముందున్న 2 రెండు అంగుళాలు. వెనక ఉన్న అంకె అంగుళంలో పదహారో భాగాలు. రూపాయికి పదహారణాలు ఉన్నట్టే అనుకోండి. 2-4 అంటే రెండు అంగుళాల నాలుగణాలు, అంటే రెండుంబావు. 2-8 అంటే రెండున్నర. పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘రెండున్నర గాజులియ్యి’ అనే అడుగుతారు. 2-6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు, మిల్లీమీటర్లలో 60కి కాస్త పైన. మీరు చెప్పిన 66 దాదాపు 2-10 గాజు. ఆ లెక్కతో ఆర్డరిస్తే రెండు సైజులు పెద్దవొస్తాయి, చెయ్యి కిందికి వేలాడేస్తే జారి నేలమీద పడతాయి.

ఇంక మన అమ్మాయి సంగతి. మణికట్టు కొలత మడత వేసే గాజుకీ స్క్రూ గాజుకీ పనికొస్తుంది, ఎందుకంటే అవి తెరుచుకుంటాయి. మట్టి గాజు తెరుచుకోదు, సాగదు. అది చేతిలో అన్నిటికన్నా వెడల్పైన చోటు దాటి రావాలి. కాబట్టి అక్కడే కొలవాలి.

గాజు తొడుక్కునేటప్పుడు చెయ్యి ఎలా పెడతావో అలాగే పెట్టు. నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి చిటికెనవేలి వైపు నొక్కు. ఇప్పుడు వేళ్ళు అరచేతికి కలిసే కణుపుల మీదుగా, బొటనవేలి మొదట్లో ఉబ్బిన ఎముకని కూడా కలుపుకుని, అరచెయ్యి చుట్టూ టేపు తిప్పు. అటూ ఇటూ జరిపి ఎక్కడ ఎక్కువ వస్తుందో ఆ చోటు తీసుకో. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. పిడికిలి బిగించొద్దు, బిగిస్తే కొలత పెరిగిపోతుంది. రెండు చేతులూ కొలువు. రాసే చెయ్యి చాలామందికి కాస్త పెద్దది.

సెంటీమీటర్ల టేపే నీకు మంచిది. ఒక సైజుకీ తర్వాతి సైజుకీ చుట్టుకొలతలో తేడా సరిగ్గా ఒక సెంటీమీటరులాగే ఉంటుంది. 18 అంటే 2-4, 19 అంటే 2-6, 20 అంటే 2-8. 17 వస్తే 2-2, 21 వస్తే 2-10. సెంటీమీటరులో నాలుగో వంతు కూడా పోదు తేడా.

పుత్తూరు వదిన (సింగపూర్):
ఇంత తంటా ఎందుకు? స్కేలు మీద చెయ్యి పరిచి, నాలుగు వేళ్ళ కణుపుల వెడల్పు చూసుకుంటే సరిపోదా? మా చెల్లెలు అలాగే చూసుకుంటుంది. ఆమెకి ఏడున్నర సెంటీమీటర్లు.

గాంధీరోడ్డు అక్క:
వదినా, ఆ ఏడున్నరని గాజు అడ్డం అనుకుంటే 2-14 కూడా దాటిపోతుంది, అది మీ చెల్లెలి మోచేతి దాకా ఎక్కుతుంది. పరిచిన చెయ్యి వెడల్పుగా, పల్చగా ఉంటుంది. గాజులోకి పోయేటప్పుడు అదే చెయ్యి ముడుచుకుని మందమవుతుంది. అందుకే వెడల్పు ఒక్కటే చూస్తే తెలీదు, చుట్టూ కొలవాలి. ఆమె చేతికి పట్టే గాజు సైజు ముందే తెలిసుంటే ఆ ఏడున్నర ఒక గుర్తులాగా పనికొస్తుందేమో.

మదనపల్లె పిన్ని (మెల్‌బోర్న్):
నా బంగారు గాజులు పెళ్ళినాటివి, కంసాలి చేతిని చూసి చేసిచ్చాడు. ఇప్పుడు ఎడమచేతి జత బయటికి రావడం లేదు. సబ్బు రాసినా నొప్పే. కోయించాలా అని టెన్షన్‌గా ఉంది.

గాంధీరోడ్డు అక్క:
పిన్నీ, ఈ అమ్మాయి అడిగింది మట్టి గాజుల సైజు. మీ గాజులకి ముందు చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచి, చల్లటి నీళ్ళలో పెట్టి, అప్పుడు సబ్బు రాసి చూడండి. చెయ్యి వాచుంటే బలవంతం చేయకండి.

పలమనేరు అమ్మాయి:
అక్కా, మీరు చెప్పినట్టే కొలిచాను. ఎడమచెయ్యి 18.8, కుడిచెయ్యి 19.3. ఎడమచేతికి 2-6 అని అర్థమైంది. కుడిచెయ్యి 19కీ 20కీ మధ్యలో ఉంది. అమ్మ చెప్పిన 2-6 పడుతుందా, 2-8 చెప్పాలా?

గాంధీరోడ్డు అక్క:
మీ అమ్మ తప్పు చెప్పలేదమ్మా. గాజులాయన తొడిగితే నీ చేతికి 2-6 ఎక్కుతుంది. ఆయన బొటనవేలి మొదటి ఎముకని లోపలికి నొక్కి, అరచేతిని మెత్తగా మడిచి, గాజుని ఒకవైపు వాల్చి కణుపులు ఒక్కొక్కటే దాటిస్తాడు. అది చేతిపని. అంగట్లో అందరికీ కాస్త బిగుతు సైజే వేస్తాం, చేతికి అందంగా నిలుస్తుంది, ఒకదానికొకటి కొట్టుకుని పగలడం తక్కువ. నువ్వు మ్యూనిక్‌లో ఒక చేత్తో ఇంకో చేతికి తొడుక్కోవాలి. ఆ నొక్కుడు నీ వల్ల కాదు. మట్టి గాజు కణుపు దగ్గర విరిగితే తెగేది నీ చెయ్యే. నేనైతే రెండు చేతులకీ 2-8 చెబుతాను.

అనుమానముంటే ఒక పని చెయ్యి. దళసరి కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, లోపల సరిగ్గా 19 వచ్చేలా చుట్టి టేపు అతికించు. కుడిచేతికి తొడుక్కో. కణుపుల దగ్గర చిరిగితే 2-6 నీకు కాదు. చిరక్కుండా, అరచెయ్యి ఎర్రబడేంత బలం పెట్టకుండా దాటితే అవుతుంది. తర్వాత 20 కాగితంతో కూడా చూసి, చెయ్యి వేలాడేసి ఊపు. కణుపు దాటి కిందికొచ్చేస్తే అది వదులు. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు, ఎండకాలం చేతులు కాస్త ఉబ్బుతాయి.

పుత్తూరు వదిన:
నేను ఒప్పుకోను. రెండున్నర వేసుకుంటే మణికట్టు దగ్గర గలగలలాడతాయి, పిండి పిసికేటప్పుడు గిన్నెకి తగిలి పగులుతాయి. సబ్బు రాసుకుని 2-6 వేసుకోమ్మా. నేను అలాగే వేసుకుంటా.

శ్రీకాళహస్తి అన్న:
అక్కా, పదహారో భాగం సంగతి ఇన్నేళ్ళకి తెలిసింది. అయితే ఇక్కడి సైట్లలో 8 అంగుళాలు అని రాసుంటుంది, అది ఏంటి మరి?

గాంధీరోడ్డు అక్క:
అది చుట్టుకొలత అన్నా, లోపలి అడ్డం కాదు. 8ని 3.14తో భాగిస్తే రెండున్నర మీద కొంచెం, అంటే మన 2-8 కన్నా ఒక పిసరు పెద్దది. అడ్డమో చుట్టుకొలతో చూడకుండా ఏ సైట్లోనూ కొనకండి. ఇంట్లో నప్పిన గాజు ఉంటే దాన్నే కొలవండి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి. బయటి అంచుకి కొలిస్తే గాజు మందం కలిసిపోతుంది. పాత బంగారు గాజులు వంకరపోయి ఉంటాయి కాబట్టి రెండువైపులా కొలిచి చూడండి.

వెడల్పు కడియం కొనేటప్పుడు ఇదే లెక్క పనిచేయదు. సన్నటి గాజు వాలి కణుపు దాటుతుంది. రెండు వేళ్ళ వెడల్పున్నది వాలదు, కణుపులూ బొటనవేలి ఎముకా ఒకేసారి దాటాలి. వాటికి ఒక సైజు పైది చూసుకోవాలి. రాళ్ళు పొదిగిన వాటికి లోపలి వైపు రాళ్ళ వెనక గరుకు ఉంటే ఇంకా జాగ్రత్త.

పీలేరు తమ్ముడు (టొరంటో):
వ్రతానికి వచ్చే ఆడవాళ్ళందరి సైజులూ రాయడానికి ఎక్సెల్ షీటు పెట్టాం. 2.10 అని కొడితే 2.1 అయి కూర్చుంది. సరే అని 2-4 కొడితే తేదీ చేసి పెట్టింది. ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోండి. మా పిన్ని 2-10 అడిగితే ఆ షీటు చూసినవాళ్ళు చిన్నపిల్లల గాజులు అనుకున్నారు.

పలమనేరు అమ్మాయి:
కాగితం పని చేశాను. 19 కాగితం ఎడమచేతికి దూరింది, కుడిచేతికి బొటనవేలి దగ్గర చిరిగింది. 20 రెండు చేతులకీ సులువుగా పోయింది, ఊపితే జారలేదు. అత్తకి 2-8 రెండు డజన్లు చెప్పాను. అమ్మ పట్టు వదల్లేదు, 2-6 కూడా ఒక డజను వేయించింది. లండన్ అక్క సెలవులకి ఎప్పుడైనా ఇటువైపు వస్తే ఆ డజను ఆవిడ చేతే తొడిగించుకుంటాను.

పుత్తూరు వదిన:
సబ్బు రాసుకుని చూడమ్మా ముందు!