1/x కి ఇబ్బంది ఓపెన్ ఇంటర్వల్ వల్లనా, సున్నా వల్లనా?

ఫైనలియర్: "(0,1) ఓపెన్ కాబట్టి 1/x యూనిఫామ్‌గా కంటిన్యువస్ కాదు, క్లోజ్డ్ అయితే అవుతుంది" అని రాశాను. ఐదుకి ఒక్క మార్కు వేశారు. జవాబు కరెక్టే కదా, తప్పెక్కడ?

గట్టుమీద మాస్టారు: మొదటి సగం జవాబు కరెక్టే, కారణం తప్పు. ఓపెన్ అవడమే నేరమైతే (0,1)లో x² కూడా ఫెయిలవ్వాలి. అవదు. |x²−y²| ఎప్పుడూ 2|x−y|ని మించదు, కాబట్టి δ = ε/2 పెట్టుకుంటే ఇంటర్వల్ మొత్తానికీ సరిపోతుంది. ఇక "క్లోజ్డ్ అయితే" అన్నావు, ఏ క్లోజ్డ్ ఇంటర్వల్? [0,1] అయితే 1/0 ఎంత వేశావు తమ్ముడూ?

సైట్ ఇంజనీర్: ఇంత చర్చ ఎందుకండీ? సున్నా దగ్గర వాలు −1/x², దానికి హద్దు లేదు. అందుకే ఫెయిల్.

గట్టుమీద మాస్టారు: √x వాలుకీ సున్నా దగ్గర హద్దు లేదండీ. అయినా |√x−√y| ≤ √|x−y| కాబట్టి δ = ε² పెడితే పాసైపోతుంది. వాలుకి హద్దు ఉంటే ధీమాగా ఉండొచ్చు. లేకపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

పాత బ్యాచ్: మాకు ఇంటర్‌లో 1/x అసలు కంటిన్యువసే కాదని చెప్పారు. ఇంక యూనిఫామ్ గొడవెందుకు?

సుజాత_గణితం: సున్నా (0,1)లో లేదుగా అన్నయ్యా! ఉన్న ప్రతి బిందువు దగ్గరా కంటిన్యువసే. చిక్కల్లా ఒకే δ అందరికీ చాలకపోవడంలో ఉంది. 1/100, 1/101 తీసుకోండి. మధ్య దూరం 1/10100, విలువలు 100, 101. తర్వాత 1/1000, 1/1001 తీసుకోండి. దూరం పది లక్షలో ఒక వంతు కన్నా తక్కువ, అయినా విలువల తేడా మళ్లీ 1. మీరు ఎంత చిన్న δ ఇచ్చినా అంతకన్నా దగ్గరగా ఉండే ఇలాంటి జంట దొరుకుతుంది, ε = 1 దగ్గరే పని ఆగిపోతుంది.

అదే [0.1, 1] అయితే xy ఎంత తగ్గినా 0.01 దిగదు. |1/x−1/y| = |x−y|/xy కాబట్టి δ = ε/100 చాలు. [0.01, 1]కి ε/10000 కావాలి. ఎడమ చివర సున్నా వైపు జరిగేకొద్దీ δ ఇలా చిక్కిపోతూనే ఉంటుంది.

ఫైనలియర్: f(0) = 0 అని మనమే పెట్టుకుంటే [0,1] క్లోజ్డ్ అవుతుంది కదా మేడమ్?

సుజాత_గణితం: ఇంటర్వల్ క్లోజ్డే, కానీ సున్నా దగ్గర కంటిన్యుటీ పోయింది. ఏ విలువ పెట్టినా అంతే. క్లోజ్డ్ ఇంటర్వల్ సిద్ధాంతం కంటిన్యువస్ ఫంక్షన్లకే.

సైట్ ఇంజనీర్: అంటే అనంతానికి పోవడమే రోగం అన్నమాట.

గట్టుమీద మాస్టారు: sin(1/x) ఎప్పుడూ 1 దాటదు. (0,1)లో అదీ ఫెయిలే. సున్నా దగ్గర దానికి లిమిట్ లేదు, అదీ అసలు సంగతి. √xకి ఉంది.

పాత బ్యాచ్: ఏమైనా ఒక్క మార్కు అన్యాయమండీ. రెండైనా వేయాల్సింది.

గట్టుమీద మాస్టారు: నేనైతే ఆ ఒక్కటీ వేసేవాణ్ణి కాదు.