వెల్లుల్లికి మొలక, అల్లానికి బూజు: ఈ ఉక్కలో ఎలా దాచుకుంటున్నారు?
మాది విశాఖలో ఎంవీపీ కాలనీ, సముద్రపు గాలి తిన్నగా వంటింట్లోకే. పోయిన నెల రైతుబజారులో కిలో వెల్లుల్లి, అరకిలో అల్లం తెచ్చాను. ఫ్రిజ్‌లో పెట్టిన వెల్లుల్లికి రెబ్బ మధ్యలోంచి పచ్చటి మొలక వచ్చేసింది. ఆ చల్లదనమే మొలకని లేపుతుందట, అందుకని మిగిలినవి గాలి ఆడే బుట్టలో వేలాడదీశాను. అల్లం కడిగి తడి ఆరకుండానే కవర్లో కట్టేశాను, విరిచిన చోటల్లా తెల్లటి బూజు. తప్పు నాదే. ఈసారి కడగకుండా కాగితంలో చుట్టి కూరల అరలో పెడితే ఎన్నాళ్లు ఆగుతుంది?

ఒలవడం ఇంకో తలనొప్పి. అల్లం చెంచా అంచుతో గీకేస్తే చాలు. వెల్లుల్లి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెడితే పొట్టు జారుతోంది గానీ, ఆ తడి రెబ్బలు డబ్బాలో నాలుగో రోజుకే జిగురెక్కాయి. నానబెట్టకుండా పావుకిలో త్వరగా ఒలిచే దారి ఉందా? పచ్చి రెబ్బలు నూనెలో వేసి బయట ఉంచమని మాత్రం అనకండి, అందులో విషం పుట్టొచ్చు.