"ఎడమైతే" అంటే ఎడం అనా, ఎడమ అనా?

సుజాత: చాలా ఏళ్ల కిందట క్రొమటోగ్రఫీ వైవాకి ముందు రోజు మా మేడమ్ ఒక వాక్యం చెప్పారు. "పీకు సన్నమైతే పళ్ళాల పుణ్యం, ఎడమైతే ఎంపిక పుణ్యం." కాలమ్ పదార్థాన్ని ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే k గురించి మూడో ముక్క కూడా ఉండేది, అది ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. నా అనుమానం "ఎడమైతే" దగ్గర. ఎడం కావడమా, ఎడమకు పోవడమా? మూడో ముక్క ఎవరైనా విన్నారా?

రామ్మూర్తి: సంధి రెండిటికీ ఒప్పుతుంది. ఎడము + ఐతే అంటే ఉత్వం, ఎడమ + ఐతే అంటే అత్వం. కానీ "సన్నమైతే" పక్కన నిలబడాల్సింది "ఎడము" అనేదే నా అభిప్రాయం. అక్కడ పీకు ఎలా అయిందో చెబుతున్నారు, ఎటు పోయిందో కాదు. నన్నడిగితే "పళ్ళాల" అన్నదే ఇంకా బాగుంది. మార్టిన్, సింజ్ 1941లో ఈ ప్లేటు లెక్కను స్వేదన స్తంభాల నుంచే తెచ్చారు. ఆ స్తంభాల్లో ద్రవం నిలిచేవి పళ్ళాల్లాంటి తట్టలు. "పలకలు" అని రాసేవాళ్లు ఆ బొమ్మనే పోగొడుతున్నారు.

ప్రసాద్: ఎడమే అండీ, అనుమానం లేదు. ఎసిటోనైట్రైల్ కాస్త పెంచితే పీకులు ఎడమకు జరుగుతాయి, రోజూ చూస్తున్నదే. ద్రావకం ఎంపిక మార్చాం, పీకు ఎడమైంది.

భారతి: ప్రసాద్ గారూ, అలా జరిగితే పుణ్యం రాదు, ఉన్నదీ పోతుంది. ఒక లెక్క చూడండి. రెండు పీకులు 8.0, 8.4 నిమిషాల దగ్గర, అడుగున ఒక్కోటి 0.4 నిమిషం వెడల్పు, కాలమ్‌కి అసలు అంటుకోని పదార్థం బయటికొచ్చే సమయం t0 1.4 నిమిషాలు. అప్పుడు పీకులు ఎంత విడిపోయాయో చెప్పే రిజల్యూషన్ సరిగ్గా 1.0. రెండో పీకుకి పళ్ళాల సంఖ్య N 7056, k 5. ఎంపికని చెప్పే α, అంటే రెండు పీకుల k ల నిష్పత్తి, 1.06. మనకి కావాల్సింది 1.5.

పళ్ళాలతోనే సాధిద్దామంటే రిజల్యూషన్ N వర్గమూలంతోనే పెరుగుతుంది కాబట్టి N 2.25 రెట్లు కావాలి. 15 సెంటీమీటర్ల కాలమ్ బదులు దాదాపు 34, రెండో పీకు కోసం 19 నిమిషాలు ఎదురుచూపు, ఒత్తిడీ అంతే రెట్లు. k పెంచుదామా? సూత్రంలో దాని వాటా k/(1+k). ఇప్పటికే 5/6 దగ్గర ఉన్నాం. k అనంతమైనా 1.2 దాటదు. అదే మీరన్నట్టు రెండు పీకులూ ఎడమకు జరిగి k 2కి దిగితే, మిగతావి మారకపోయినా రిజల్యూషన్ 0.8కి పడుతుంది. α మాత్రం 1.06 నుంచి 1.094కి వస్తే చాలు, పని అయిపోతుంది. వైవాలో అడిగేది ఇదే: మూడిట్లో ఏది ముందు ముట్టుకుంటావు, ఎందుకు?

కిరణ్: రిజల్యూషన్ మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా చెబుతాను. మా దగ్గర 1.8 ఉన్నది 1.2 అయింది. ద్రావకం మార్చి చూశాను, pH మార్చి చూశాను, టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

భారతి: మార్చకముందు పీకుల సమయాలు కదిలాయా?

కిరణ్: లేదండీ, ఎక్కడివక్కడే. వెడల్పయ్యాయి, అంతే.

భారతి: అయితే k, α రెండూ మారలేదు. పోయింది N. మీ లెక్క ప్రకారం సగం కన్నా తక్కువకి పడింది. ముందొచ్చే పీకులు ఎక్కువ చెడి, వెనకవి తక్కువ చెడితే కాలమ్‌ని అనుమానించకండి, గొట్టాల అతుకుల దగ్గర ఖాళీ చూడండి. ద్రావకంతో పనిలేదు.

కిరణ్: మొదటి పీకే బాగా పాడైంది. రేపు అతుకులు విప్పి చూస్తాను.

రామ్మూర్తి: చూశారా, "సన్నమైతే" ఎందుకు విడిగా పెట్టారో! అన్నట్టు ఈ విద్యకి పేరు పెట్టిన స్వెత్ ఇంటిపేరుకి రష్యన్‌లో రంగు అనే అర్థం. 1906లో ఆయన వేసిన క్రొమటోగ్రఫీ అన్న పేరులోనూ రంగే ఉంది. గ్రీకు మాటలో తన పేరే దాచుకున్నాడని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రసాద్: రంగు సంగతి తరవాత. భారతి గారూ, మీ లెక్కలోనే ఒక్క మొదటి పీకు 8.0 నుంచి 7.8కి, అంటే ఎడమకు జరిగి, రెండోది కదలకపోతే?

భారతి: వెడల్పులు అలాగే ఉంటే 1.5 వస్తుంది. α 1.094. నిజమే, ఒక్కటే జరిగితే అది ఎంపిక పుణ్యమే. ఎసిటోనైట్రైల్ బదులు మెథనాల్ వాడినప్పుడో, రెంటిలో ఒకటే ఆమ్లమై pH దాని pKa దగ్గర ఉన్నప్పుడో అలా జరగొచ్చు. శాతం పెంచినంత మాత్రాన సాధారణంగా రెండూ కలిసే కదులుతాయి.

ప్రసాద్: అయితే ఎడమ కూడా నిలబడినట్టే.

రామ్మూర్తి: రసాయనంలో నిలబడింది. వాక్యంలో కాదు. రెండో పీకు కుడికి జరిగితే ఏమంటారు, కుడైతే అంటారా?

సుజాత: మేడమ్ బోర్డు మీద రెండు కొండలు గీసి, మొదటిదాన్ని చేత్తో చెరిపి కాస్త ఎడంగా గీశారు. లేక ఎడమగానా... చెరిపింది మొదటిదేనని మాత్రం గుర్తుంది. మూడో ముక్క "నిలిస్తే" అని మొదలయ్యేదనుకుంటా. నిలిస్తే ఏమవుతుందో ఎవరికైనా తెలుసా?