స్వీప్ డిపాజిట్ పెట్టి ఐదు నెలలైనా పాస్‌బుక్‌లో వడ్డీ 2,190 రూపాయలే కనబడుతోంది: ఎందుకు?

అనూరాధ, మారతహళ్లి

సభ్యులందరికీ నమస్కారం. నా జీతం ఖాతాకు బ్యాంకువారు ఏప్రిల్‌లో స్వీప్ సౌకర్యం కలిపారు. ఖాతాలో 25,000 రూపాయలు ఉంచి, అంతకు మించినది ఏ రాత్రికారాత్రి ఏడాది కాలానికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారుతుందనీ, ఖాతాలో సరిపడా డబ్బు లేనప్పుడు ఆ డిపాజిట్‌లోంచి కావలసినంత మాత్రమే వెనక్కి వస్తుందనీ చెప్పారు. ఏడాది డిపాజిట్‌కు 6.5 శాతం, మామూలు సేవింగ్స్‌కు 2.5 శాతం అన్నారు.

ఏప్రిల్ 1న జీతం పడ్డాక నా ఖాతాలో 2,75,000 ఉండగా, ఆ రాత్రి 2,50,000 డిపాజిట్‌గా మారింది. ఆ తర్వాత ప్రతి నెలా జీతంలోంచి ఇంటికీ చీటీకీ పంపినవి పోను 75,000 మిగులుతుంది. అద్దె 22,000 ఐదో తేదీన, ఈఎమ్ఐ 31,000 పదో తేదీన వెళ్తాయి. ఇరవయ్యో తేదీ ప్రాంతంలో బడి ఫీజుకూ ఇంటి ఖర్చుకూ మరో 22,000 అవుతుంది. కాబట్టి నెలాఖరుకు రెండు లక్షలు కదలకుండా మిగులుతున్నట్టే లెక్క. రెండు లక్షలకు 6.5 శాతం చొప్పున ఐదు నెలలకు దాదాపు 5,400 రావాలి. ఆగస్టు చివరికి పాస్‌బుక్‌లో డిపాజిట్ వడ్డీగా పడినవన్నీ కూడితే 2,190 మాత్రమే తేలుతోంది. పొరపాటు నా లెక్కలో ఉందా, బ్యాంకు లెక్కలో ఉందా?

సుధాకర్, కె.ఆర్. పురం

అనూరాధ గారూ, టీడీఎస్ కోసి ఉంటారు, అంతే. స్వీప్‌లో మొదటి రోజు నుంచీ 6.5 శాతమే ఇస్తారు. పైగా ఇది సేవింగ్స్ ఖాతాలోనే ఉండే డబ్బు కనుక, ఏడాదికి 10,000 వరకు వడ్డీకి పన్ను లేదు. బ్రాంచికి వెళ్లి గట్టిగా అడగండి.

వేంకటేశ్వర్లు, బనశంకరి

నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. సుధాకర్ గారు చెప్పిన మూడింటిలో ఏదీ ఇక్కడ వర్తించదు, అయితే మూడూ చాలామందికి ఉన్న అపోహలే కనుక తర్వాత చెబుతాను. ముందు అనూరాధ గారి లెక్క చూద్దాం.

అమ్మా, మీ పాస్‌బుక్‌లో ఒక విషయం చూడండి. ప్రతి నెలా పదో తేదీన డిపాజిట్‌లోంచి 28,000, ఇరవయ్యో తేదీన 22,000 వెనక్కి వచ్చి ఉంటాయి. ఖాతాలో ఉంచిన 25,000లో అద్దె పోను మూడు వేలు మిగులుతుంది కనుక ఈఎమ్ఐకి తక్కువపడేది 28,000. ప్రశ్న ఏమిటంటే, ఆ 28,000 ఏ డిపాజిట్‌లోంచి వచ్చింది? ఏప్రిల్‌లో వేసిన పాతదానిలోంచా, ఆ నెల జీతంతో పుట్టిన కొత్తదానిలోంచా? పాతది ముందు విరిచే పద్ధతిని బ్యాంకులో ఫిఫో అంటారు, కొత్తది ముందు విరిచే పద్ధతిని లిఫో అంటారు. డిపాజిట్ నంబరు పక్కన ఉంటుంది, చూసి చెప్పండి. అలాగే తక్కువ రోజుల డిపాజిట్ రేట్లూ, గడువుకు ముందే తీస్తే ఎంత కోస్తారో కూడా చెప్పండి.

అనూరాధ, మారతహళ్లి

చూశానండి. ప్రతి నెలా ఏప్రిల్ 1 నాటి డిపాజిట్ నంబరే ఉంది. ఆగస్టు 20తో అది పూర్తిగా అయిపోయింది. బ్యాంకు పట్టికలో 7 నుంచి 45 రోజులకు 3 శాతం, 46 నుంచి 179 రోజులకు 5 శాతం ఉంది. ముందే తీస్తే అర శాతం తగ్గిస్తామని రాశారు.

వేంకటేశ్వర్లు, బనశంకరి

అయితే బ్యాంకు తప్పు చేయలేదు. విరిచిన ముక్కకు మీరు ఒప్పుకున్న ఏడాది రేటు రాదు. అది ఎన్ని రోజులు ఉందో అన్ని రోజులకు వర్తించే రేటులోంచి అర శాతం తీసి ఇస్తారు. ఏప్రిల్ 10న తీసిన 28,000 తొమ్మిది రోజులే ఉంది కనుక దానికి 2.5 శాతం చొప్పున 17 రూపాయలు వచ్చింది. అదే ఆగస్టు 10న తీసిన 28,000 అప్పటికి 131 రోజులు ఉంది, దానికి 4.5 శాతం చొప్పున 452 వచ్చింది. ఇలా పది ముక్కలకూ లెక్క వేస్తే నాకు 2,190 రూపాయలే తేలింది, మీ పాస్‌బుక్ అంకె అదే.

కానీ మీ ఆదాయం ఇంతే కాదు. మే నుంచి ఆగస్టు వరకు పుట్టిన నాలుగు డిపాజిట్లు, తలా 50,000 చొప్పున, ఇంకా విరగకుండా ఉన్నాయి. వాటిపై పెరిగిన వడ్డీ పాస్‌బుక్‌లో ఇంకా పడలేదు. వాటిని ఆగస్టు 31న తీసినా సుమారు 1,800 వచ్చేది. అంటే ఇప్పటికి మీ అసలు సంపాదన నాలుగు వేలకు దగ్గర. రెండు లక్షలు సేవింగ్స్‌లోనే ఉంటే ఐదు నెలలకు 2,080 వచ్చేది. కాబట్టి స్వీప్ మీకు మేలే చేసింది, అయితే మీరు అనుకున్నంత కాదు.

అసలు నష్టం ఫిఫో దగ్గర ఉంది. మీ విషయంలో ఏ డిపాజిట్ కూడా ఐదో నెల దాటి బతకదు. వరుసగా పాతది కరుగుతూ ఉంటుంది, కొత్తది వెనక చేరుతూ ఉంటుంది. రెండు లక్షలు ఏడాదంతా మీ దగ్గరే ఉన్నా, బ్యాంకు దృష్టిలో ఆ డబ్బు ఎప్పుడూ నాలుగైదు నెలల వయసుదే. నిలకడకు వచ్చాక దానిమీద 4.5 శాతం, అంటే ఏడాదికి తొమ్మిది వేల ప్రాంతం మాత్రమే వస్తుంది. అదే లిఫో అయితే నెల ఖర్చంతా ఆ నెల జీతంతో పుట్టిన 50,000 లోంచే పోయి, అడుగున ఉన్న రెండు లక్షలు ముట్టుకోకుండా ఏడాది నిండుతాయి. మూడు నెలలకొకసారి చక్రవడ్డీ కడితే 13,320 వస్తుంది. రేటు అదే, డబ్బూ అదే. ఏ ముక్కను ముందు విరుస్తారన్న ఒక్క తేడాకు నాలుగు వేలకు పైగా ఖరీదు.

పద్మజ, బి.టి.ఎమ్. లేఅవుట్

లిఫోలో జీతం డబ్బుకు నష్టం ఉండదా అండీ? వారం తిరగకుండానే తీస్తే వడ్డీ అసలు ఇవ్వరని విన్నాను.

వేంకటేశ్వర్లు, బనశంకరి

నిజమే. డిపాజిట్ కనీసం ఏడు రోజులు ఉండాలి, లేకపోతే వడ్డీ సున్నా. కనుక ఈఎమ్ఐ పదికి బదులు ఐదో తేదీన ఉంటే, ఆ 28,000 నాలుగు రోజులు ఊరికే కూర్చున్నట్టే. కానీ అవే నాలుగు రోజులు సేవింగ్స్‌లో ఉంటే వచ్చేది ఎనిమిది రూపాయల లోపే. ఆ ఎనిమిది రూపాయల కోసం నాలుగు వేలు వదులుకోకూడదు. అనూరాధ గారి ఈఎమ్ఐ పదో తేదీన కనుక ఆ చిన్న నష్టం కూడా లేదు.

ఫిఫో పనికొచ్చే సందర్భం లేకపోలేదు. వడ్డీ రేట్లు పెరుగుతున్న కాలంలో పాత తక్కువ రేటు డిపాజిట్ ముందు కరగడం మంచిదే. అయితే 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోగా 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. అలాంటప్పుడు పాతవే ఎక్కువ రేటువి. వాటిని ముందు కరిగించుకోవడం ఎవరికీ లాభం కాదు.

ఇక సుధాకర్ గారి మాటల సంగతి. స్వీప్ డిపాజిట్ వడ్డీ సేవింగ్స్ వడ్డీ కాదు. పాత పన్ను విధానంలో 80 టీటీఏ కింద వచ్చే 10,000 మినహాయింపు డిపాజిట్ వడ్డీకి వర్తించదు, కొత్త విధానంలోనైతే ఆ మినహాయింపే లేదు. టీడీఎస్ విషయానికొస్తే, 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది డిపాజిట్ వడ్డీ 50,000 దాటితేనే కోస్తారు. అనూరాధ గారు ఆ దరిదాపుల్లో లేరు. కోత లేదు కదా అని వడ్డీని రిటర్నులో చూపించకపోతే మాత్రం తర్వాత నోటీసు వస్తుంది.

సుధాకర్, కె.ఆర్. పురం

80 టీటీఏ గురించి నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ మా బ్యాంకులో విరిచినప్పుడు కోత లేదు, ఆ మాట ఖాయం.

వేంకటేశ్వర్లు, బనశంకరి

ఉండవచ్చు. కోత ఉండాలా వద్దా అన్నది బ్యాంకు విధానం. అయినా కోత లేకపోవడం అంటే పూర్తి ఏడాది రేటు ఇచ్చారని కాదు, ఉన్న రోజుల రేటు ఇచ్చారని మాత్రమే.

రెడ్డెప్ప, వైట్‌ఫీల్డ్

మా అమ్మ పింఛను ఖాతా మదనపల్లెలో ఉంది. ఆమెకు నెలనెలా ఐదు వేలు కట్టే రికరింగ్ డిపాజిట్ ఉంది. దాన్ని స్వీప్‌కు కలపవచ్చా? ఖాతా ఆమె పేరున, డిపాజిట్ ఆమెదీ నాదీ ఇద్దరి పేరునా ఉంది.

పద్మజ, బి.టి.ఎమ్. లేఅవుట్

రెడ్డెప్ప గారూ, ఇక్కడ అడిగినది రికరింగ్ డిపాజిట్ గురించి కాదండీ. పేర్ల విషయంలో మాత్రం నాకు ఎదురైనది చెబుతాను. నా ఖాతాలో నేనొక్కదాన్ని, డిపాజిట్‌లో నాతోపాటు మా ఆయన పేరు ఉండటంతో బ్యాంకు కలపడానికి ఒప్పుకోలేదు. మరో అనుభవం ఇంకా చేదుది. ఒకసారి అదే బ్యాంకులో డిపాజిట్ మీద చిన్న అప్పు తీసుకున్నాను. దాంతో ఆ డిపాజిట్‌పై బ్యాంకు హక్కు నమోదయింది. స్వీప్‌కు అది అందుబాటులో లేదని నాకు తెలియదు. ఈఎమ్ఐ రోజున ఖాతాలో మూడు వేలే ఉండటంతో చెల్లింపు తిరిగివచ్చింది, బౌన్సు రుసుము పడింది. యాప్‌లో మొత్తం సొమ్ము కనబడుతున్నా వాడుకోగలిగే నిల్వ వేరే అంకె అని అప్పుడే తెలిసింది.

వేంకటేశ్వర్లు, బనశంకరి

పద్మజ గారు చెప్పిన ఆ రెండు అంకెల తేడాయే చూడవలసినది. ఈఎమ్ఐకి ముందురోజు వాడుకోగలిగే నిల్వలో డిపాజిట్ సొమ్ము కలిసి ఉందా లేదా చూసుకుంటే సరిపోతుంది. విరిచేటప్పుడు ఎంత మేర విరుస్తారో కూడా అడగండి. రూపాయి లెక్కన విరిచేవారున్నారు, వెయ్యి గుణకాల్లో విరిచేవారున్నారు. మొత్తం డిపాజిట్‌ను మూసేసి మిగతాది ఖాతాలో వదిలేసే చోట్లయితే ఈ సౌకర్యం తీసుకోకపోవడమే మంచిది.

అనూరాధ, మారతహళ్లి

ఈ రోజు బ్రాంచికి వెళ్లి వచ్చాను. వారు వెయ్యి గుణకాల్లోనే విరుస్తారు. లిఫోకు మార్చమని దరఖాస్తు ఇచ్చాను. అయితే కౌంటరులో ఉన్నావిడ, ఇప్పటికే ఉన్న నాలుగు డిపాజిట్లకు మార్పు వర్తించదు, ఇకపై పుట్టేవాటికే అని చెప్పారు. మేనేజరు మాత్రం ఖాతా మొత్తానికి వర్తిస్తుందన్నారు. సెప్టెంబరు 10న ఈఎమ్ఐకి ఏ డిపాజిట్ నంబరు విరుగుతుందో చూసి ఇక్కడ రాస్తాను. మే నెల డిపాజిట్ విరిగితే మాత్రం కౌంటరు ఆవిడ మాటే నిజమైనట్టు.

సుధాకర్, కె.ఆర్. పురం

అంతవరకు ఆ నాలుగింటినీ స్వీప్‌లోంచి విడదీసి మామూలు డిపాజిట్లుగా ఉంచమని అడగకూడదా?

వేంకటేశ్వర్లు, బనశంకరి

అడగవచ్చు. కానీ విడదీయాలంటే మూసి మళ్లీ తెరవాలని వారంటే, మే నుంచి గడిచిన రోజులన్నీ పోతాయి. ఆ సంగతి ముందు తేల్చుకోండి.