తనఖా అంటే జీతమా?

అడిగినవారు: బెజవాడ బాటసారి
ఇంటి మీద అప్పు తీసుకుంటూ తనఖా దస్తావేజు తెలుగులో రాయిస్తున్నాం. హిందీలో తన్‌ఖ్వా అంటే జీతం కదా, మనవాళ్లు తప్పుగా పట్టుకున్నారేమో. ఆ మాట కొట్టేసి ‘తాకట్టు’ అని రాయిస్తే నష్టమేంటి?

కారంపొడి
తప్పే. ఇవన్నీ నిజాం ఉర్దూ నుంచి వచ్చి ఇక్కడ వంకర తిరిగినవి. దుకాణం, కిరాణా, రసీదు, బాకీ అన్నీ ఆ బాపతే. తాకట్టు అచ్చ తెలుగు, హాయిగా రాయించండి.

పాత కైఫీయతు
తాకట్టు తెలుగేనండి, ఒప్పుకుంటా. మిగతాది అలా కాదు. గుంటూరు సర్కారు 1788లోనే కుంపిణీ చేతికి పోయింది. హైదరాబాదు కచేరీల్లో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది 1880ల్లో. అంటే మన కాగితాల్లో మాటలు అంతకు చాలా ముందు, ఫారసీలో లెక్కలు రాసిన రోజుల్లోనే దిగాయి.

ఆ కచేరీల్లో తన్‌ఖ్వా అంటే ‘ఫలానా ఊరి శిస్తులోంచి నీకు రావలసింది వసూలు చేసుకో’ అని రాసిచ్చే చీటీ. ఉత్తరాదిన సిపాయికి జీతం అలాంటి చీటీగా ముట్టేది, అందుకని చీటీ పేరు జీతానికి అంటుకుంది. మన దగ్గర ‘రావలసిన డబ్బుకు భూమిని చూపించడం’ అన్న ముక్క మిగిలిందని నా లెక్క. ఒకే మాట, రెండు దారులు. ఇందులో వంకర ఏముంది?

రాజీనామానే చూడండి. మాట ప్రకారం అది ఒప్పుకోలు కాగితం. ఉర్దూలో ఇప్పటికీ తగువు తీరినప్పుడు రాసుకునేదే రాజీనామా, ఉద్యోగం మానేస్తే ఇచ్చేది ఇస్తీఫా. తెలుగు, కన్నడ, మరాఠీల్లో మాత్రం ఉద్యోగం మానడమే రాజీనామా. మరాఠీ సీమలో రైతు పొలం వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చే కాగితాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. పొలం పోయి కుర్చీ వచ్చింది, అంతే. ఈ అర్థం హైదరాబాదు ఉర్దూ నుంచి వచ్చే వీలే లేదు.

కిరాణా ఫారసీ కాదు, సంస్కృతం క్రయం వైపుది. పక్కనే ఉన్న దుకాణం అరబ్బీ.

మిర్చియార్డు మావయ్య
బంగారం తాకట్టు రసీదు పోతే నకలు ఇస్తారా? ఎవరికైనా తెలుసా?

స్టాంపు కాగితం
మావయ్య గారూ, అప్పిచ్చిన చోట అర్జీ పెట్టుకోండి, ఇక్కడ విషయం వేరు. (నకలు, అర్జీ కూడా అరబ్బీ నుంచి వచ్చినవే, మాట వచ్చింది కాబట్టి.)

బాటసారి గారూ, పైన ఏ పేరు రాశారని కాదు, లోపల ఏం రాశారని చూస్తారు. చిక్కు వేరే చోట ఉంది. తాకట్టు అనగానే వస్తువు అప్పిచ్చినవాడి చేతికి పోయిందని జనం అనుకుంటారు, బంగారం లాగ. మీరు అదే ఇంట్లో ఉంటూ అప్పు తీసుకుంటుంటే అది స్వాధీనం లేని తనఖా. ఇల్లు అప్పగించి, అద్దె వాళ్లే తీసుకుంటే స్వాధీన తనఖా. ఆ ఒక్క ముక్క స్పష్టంగా రాయకపోతే రేపు ‘ఇల్లు మాకే అప్పగించారు’ అని తగాదా వస్తుంది. ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషను మామూలే. అప్పు తీరాక చెల్లు రసీదు కూడా రిజిస్టరు చేయించండి, లేకపోతే ఈసీలో తనఖా అలాగే కనపడుతుంది.

ఇక ఫారసీ మొత్తం కొట్టేస్తానంటే ఈ వాక్యం రాసి చూపించండి: ‘అసలు, వడ్డీ బాకీ లేకుండా చెల్లించి రసీదు పొందే హక్కు నాకు కలదు.’ అసలు, బాకీ, రసీదు, హక్కు నాలుగూ పోతాయి. మిగిలేది వడ్డీ, చెల్లించడం! హద్దుల దగ్గర ‘చతుస్సరిహద్దులు’ ఉండనే ఉంది: ముందు సంస్కృతం, వెనక ఫారసీ, అరబ్బీ, చివర తెలుగు బహువచనం.

కారంపొడి
సరే, కిరాణా నాదే తప్పు. కానీ గమనించారా, అరువు, వడ్డీ, పద్దు, తూకం మనవిగానే మిగిలాయి. నోటి బేరమంతా తెలుగు, కాగితం మీదికి ఎక్కాకే ఫారసీ.

పాత కైఫీయతు
బావుంది కానీ నిలవదు. బస్తా ఫారసీలో ‘కట్టినది’. ఖరీదు అక్కడ కొనడం, మనకు ధర. రకం అరబ్బీలో అంకె, రాత. ఉర్దూలో డబ్బు మొత్తం. మన యార్డులో మిరపకాయ రకం. ఇవి కాగితం ఎక్కక్కర్లేదు. తగాదా కూడా అంతే, అసలు అర్థం బాకీ తీర్చమని అడగడం. అడిగితే ఏమవుతుందో మనవాళ్లు మాటలోనే చెప్పేశారు.

కారంపొడి
సంచి మీద అంకె వేసి వేరుచేసేవాళ్లు కాబట్టి ‘రకం’ అయిందంటారా? అదైతే మళ్లీ రాతే, నా మాటే నెగ్గింది.

పాత కైఫీయతు
అది ఊహండి. ఆధారం చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

బెజవాడ బాటసారి
తనఖా అలాగే ఉంచి, ‘స్వాధీనం లేని’ అని చేర్పిస్తున్నాం. తారీఖు బదులు తేదీ రాయమన్నా, అదొక్కటీ ఒప్పుకున్నారు.